అసైన్‌మెంట్‌లో ఏఐ వాడినప్పుడు డిక్లరేషన్ ఎలా రాయాలి: ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి

"ఈ అసైన్‌మెంట్ తయారీలో ఏఐ సహాయం తీసుకున్నాను."

చాలా అసైన్‌మెంట్ల చివర ఈ ఒక్క వాక్యమే కనిపిస్తుంది. రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ చదివే లెక్చరర్‌కి దీనివల్ల తెలిసేదీ ఏమీ లేదు. సహాయం అంటే ఒక మాటకి స్పెల్లింగ్ చూసుకున్నారా, లేక మూడు పేజీలు రాయించుకున్నారా? రెండింటికీ ఈ వాక్యం సరిపోతుంది. అందుకే దీన్ని చదివాక అనుమానం తగ్గదు, పెరుగుతుంది. నేను విద్యార్థుల రాతలు దిద్దే పనిలో ఉన్నాను. నిజాయితీగా పనిచేసిన పిల్లలు ఇలాంటి వాక్యం వల్ల అనవసరంగా ప్రశ్నలు ఎదుర్కోవడం చూస్తే బాధేస్తుంది.

ఇక్కడ చెప్పేది, ఏఐ వాడకానికి అనుమతి ఉన్న అసైన్‌మెంట్ గురించి. అందులో మీ పని ఎక్కడ ఆగింది, టూల్ పని ఎక్కడ మొదలైంది అన్నది చదివేవాళ్లు పేజీ మీద వేలు పెట్టి చూపించగలగాలి. డిక్లరేషన్ చేయాల్సిన పని అదొక్కటే. రాయడానికి పావుగంట చాలు, కాకపోతే దాని తయారీ మాత్రం అసైన్‌మెంట్ మొదలుపెట్టిన రోజు నుంచే ఉండాలి.

ముందు అనుమతిని అక్షరం అక్షరం చదవండి

అసైన్‌మెంట్ షీట్ తీసి, ఏఐ గురించి ఏం రాశారో మీ నోట్స్‌లోకి ఉన్నదున్నట్టు ఎక్కించుకోండి. "వాడొచ్చన్నారు" అని గుర్తుపెట్టుకుంటే చాలదు. ఏ పనికి వాడొచ్చన్నారు అన్నదే అసలు విషయం. ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ఒక విద్యార్థిని 1500 మాటల నివేదిక రాయాలి. తన క్లాసులో 32 మందిని సర్వే చేసి, రాత్రిపూట ఫోన్ వాడకానికీ నిద్రకీ సంబంధం ఉందేమో చూడాలి. షీట్‌లో ఇలా ఉంది: "ఆలోచనలు పోగుచేసుకోవడానికి, భాష సరిచూసుకోవడానికి ఏఐ వాడవచ్చు. విశ్లేషణ, వాక్యాలు విద్యార్థివే అయి ఉండాలి. వాడినది చివర తెలియజేయాలి."

ఇందులో రెండు పనులకి తలుపు తీశారు, రెండింటికి వేశారు. ఈ గీత స్పష్టంగా కనిపిస్తే, తర్వాత చేసే ప్రతి పనీ గీతకి ఏ పక్కన పడుతుందో మీకే తెలుస్తుంది. షీట్‌లో భాష గజిబిజిగా ఉంటే, ఉదాహరణకి "తగిన మేరకు వాడవచ్చు" అని మాత్రమే ఉంటే, మొదలుపెట్టకముందే లెక్చరర్‌కి ఒక ఈమెయిల్ రాయండి. "నేను ఫలానా పనికి వాడాలనుకుంటున్నాను, ఫరవాలేదా?" అని సూటిగా అడగండి. వచ్చిన జవాబు దాచుకోండి. నోటిమాటగా అడిగితే ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. అనుమతి లేని వాడకాన్ని డిక్లరేషన్‌లో రాసినంత మాత్రాన అది అనుమతి ఉన్నదైపోదు. "చెప్పేశాను కదా" అనుకుని గీత దాటినవాళ్లు ఉన్నారు. చెప్పడం మంచిదే, కానీ దానివల్ల నియమం మారదు.

వాడుతున్నప్పుడే రాసుకోండి

చివరి రోజు కూర్చుని "నేను దేనికి వాడానబ్బా" అని గుర్తుచేసుకుని రాసిన డిక్లరేషన్‌లో తప్పులు తప్పవు. కావాలని దాచకపోయినా మర్చిపోతాం. చాట్ హిస్టరీ ఉంటుందిలే అనుకోకండి. తాత్కాలిక చాట్ అయితే సేవ్ కాదు, వేరే అకౌంట్‌లో అడిగింది దొరకదు, ఫోన్‌లో అడిగింది కంప్యూటర్ ముందు కూర్చుంటే గుర్తుకురాదు.

అందుకని అసైన్‌మెంట్ ఫైల్ పక్కనే లాగ్ అన్న పేరుతో ఇంకో చిన్న ఫైల్ తెరిచి, వాడిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: తేదీ, టూల్ పేరు, ఏం అడిగాను, వచ్చినదాన్ని ఏం చేశాను. నాలుగో ముక్కే ముఖ్యం. చాలామంది మూడోదాకా రాసి ఆపేస్తారు. మన విద్యార్థిని రాసుకున్నది ఇలా ఉంది:

మార్చి 3. చాట్‌జీపీటీ. నా అంశంలో ఏయే కోణాలు చూడొచ్చో అడిగాను. 8 ఇచ్చింది. 3 ఉంచుకున్నాను: పడుకునే ముందు వాడకం, ఫోన్‌ని అలారంగా పక్కన పెట్టుకోవడం, సెలవు రోజుల్లో తేడా.

మార్చి 5. అదే టూల్. నేను రాసిన 10 సర్వే ప్రశ్నలు ఇచ్చి, వీటిలో ముందే జవాబు సూచించేవి ఉన్నాయా అని అడిగాను. నాలుగో ప్రశ్న చూపించింది. "రాత్రి ఫోన్ వాడటం వల్ల మీ నిద్ర ఎంత పాడవుతోంది?" అన్నదాన్ని నేనే "పడుకునే ముందు గంటలో ఫోన్ ఎంతసేపు వాడతారు?" అని మార్చాను.

మార్చి 9. చదవడానికి పరిశోధన వ్యాసాలు అడిగాను. 4 పేర్లు ఇచ్చింది. లైబ్రరీ డేటాబేస్‌లో వెతికితే రెండే దొరికాయి. ఒకటి నా అంశానికి దూరం. ఒకటి చదివి వాడాను.

మార్చి 14. 2, 4 భాగాలు ఇచ్చి భాష సరిచేయమన్నాను. ముందు డ్రాఫ్ట్ వేరే పేరుతో సేవ్ చేశాను.

మార్చి 15. ముగింపు రాయమన్నాను. వచ్చింది పేస్ట్ చేశాను.

చివరి రెండు ఎంట్రీల దగ్గరికి మళ్లీ వద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. ఇప్పటికి గమనించాల్సింది, భాష దిద్దించే ముందు ఆమె తన డ్రాఫ్ట్‌ని విడిగా దాచుకుంది. ఇది తప్పకుండా చేయాలి. గూగుల్ డాక్స్‌లో రాస్తుంటే `Version history` లో పాత ప్రతులు ఉంటాయి, కంప్యూటర్‌లోనే సేవ్ చేసుకున్న వర్డ్ ఫైల్ అయితే మాత్రం మీరే ఇంకో పేరుతో సేవ్ చేయాలి. ముందుదీ తర్వాతదీ పక్కపక్కన ఉంటేనే టూల్ ఏం మార్చిందో మీకు తెలుస్తుంది. అది తెలియకుండా డిక్లరేషన్ రాస్తే ఊహించి రాసినట్టే.

ఏవి లెక్కలోకి వస్తాయో చూసుకోండి

చాట్ విండోలో టైప్ చేసినదే ఏఐ వాడకం అనుకుంటే కొన్ని జారిపోతాయి. ఎక్కువగా జారిపోయేది అనువాదం. తెలుగులో ఆలోచించి, తెలుగులోనే రాసుకుని, ఏఐతో ఇంగ్లీషులోకి మార్పించి ఇచ్చేవాళ్లు చాలామంది. ఆలోచన నాదే కదా అనుకుంటారు. నిజమే, ఆలోచన మీదే. కానీ పేజీ మీద ఉన్న ఇంగ్లీషు వాక్యాలు మీరు కట్టినవి కావు. వాక్యాలకి మార్కులుండే కోర్సులో ఇది పెద్ద విషయం, లేని కోర్సులో చిన్న విషయం. రెండిట్లోనూ చెప్పాల్సిందే. "మొదటి డ్రాఫ్ట్ తెలుగులో రాశాను. 3వ భాగం మొత్తాన్ని ఫలానా టూల్‌తో ఇంగ్లీషులోకి మార్చి, వాక్యం వాక్యం పోల్చి సరిచేశాను" అంటే సరిపోతుంది. ఆ తెలుగు డ్రాఫ్ట్ దాచుకోండి. ఆలోచన మీదేనని చెప్పడానికి అంతకంటే గట్టి రుజువు ఉండదు.

రెండోది, చదవాల్సినదాన్ని సంక్షిప్తంగా చెప్పించుకోవడం. ఇరవై పేజీల వ్యాసాన్ని టూల్‌కి ఇచ్చి సారాంశం తీసుకుని, ఆ వ్యాసాన్నే చదివినట్టు రిఫరెన్స్‌లో పెడితే డిక్లరేషన్ దాన్ని బాగుచేయలేదు. సారాంశం చూసి ఏ వ్యాసం చదవాలో ఎంచుకున్నాను, ఎంచుకున్నవి పూర్తిగా చదివాను అన్నది నిజమైతే అలా రాయండి. నిజం కాకపోతే ముందు చదవండి.

సెర్చ్ చేసినప్పుడు ఫలితాల పైన వచ్చే ఏఐ జవాబు, గ్రామర్ యాప్‌లో "వాక్యాన్ని మళ్లీ రాయి" అన్న బటన్, స్లైడ్లకి వేయించుకున్న బొమ్మలు, ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్‌లో ఎడిటర్ తనంతట తాను పూరించిన కోడ్ కూడా ఇందులోకే వస్తాయి. మామూలు స్పెల్లింగ్ చెకర్ మాత్రం, నియమంలో ప్రత్యేకంగా అడిగితే తప్ప, రాయనక్కర్లేదు. ఎక్కడ తేడా అంటే, కామా చూపించి ఊరుకుంటే దిద్దడం. వాక్యం మార్చి ఇస్తే అది రాయడం కిందకి వస్తుంది.

గీత దాటినదాన్ని రాసే ముందే సరిచేయండి

ఇప్పుడు మార్చి 14, 15 ఎంట్రీలు చూద్దాం. ఆమె అడిగింది భాష సరిచేయమని మాత్రమే. దానికి అనుమతి ఉంది. తిరిగి వచ్చిన నాలుగో భాగాన్ని పాత డ్రాఫ్ట్‌తో పోల్చి చూసింది. ఆమె రాసిన వాక్యం ఇది: "పడుకునే ముందు ఎక్కువసేపు ఫోన్ వాడుతున్నామని చెప్పినవాళ్లలో ఎక్కువమంది తక్కువ నిద్ర గురించి కూడా చెప్పారు." టూల్ తిరిగి ఇచ్చింది ఇది: "ఫోన్ వాడకం పెరగడమే విద్యార్థుల్లో నిద్ర తగ్గడానికి కారణమని ఈ సర్వే స్పష్టం చేస్తోంది."

వినడానికి రెండోదే బాగుంది. కానీ అది భాష దిద్దడం కాదు, తీర్మానం మార్చడం. ఒక్కసారి అడిగిన 32 మంది సర్వేతో కారణం తేల్చలేం. నిద్ర పట్టకపోవడం వల్లే ఫోన్ పట్టుకున్నవాళ్లు అందులో ఉండొచ్చు. ఆమె జాగ్రత్తగా వాడిన "చెప్పారు" అన్న మాట పోయి, ఆమె చెప్పని "కారణం" వచ్చి కూర్చుంది. భాష దిద్దించినప్పుడు ఇలా జరగడం అరుదేమీ కాదు. "ఉండవచ్చు" కాస్తా "ఉంది" అవుతుంది, "కొందరు" కాస్తా "చాలామంది" అవుతుంది. పోల్చి చూడకుండా "భాష కోసం మాత్రమే వాడాను" అని రాసి ఉంటే, ఆ డిక్లరేషన్ ఆమెకి తెలియకుండానే అబద్ధమయ్యేది. ఆమె తన వాక్యాన్ని తిరిగి పెట్టుకుంది.

ఇక మార్చి 15. ముగింపు రాయించుకుని పేస్ట్ చేయడం, షీట్ ప్రకారం, అనుమతి లేని పని. రాత్రి పదకొండింటికి అలసిపోయి చేసిన పని, అర్థం చేసుకోగలను. ఇలాంటప్పుడు ఇంకా అసైన్‌మెంట్ ఇవ్వలేదు కాబట్టి దారి సులువే. ఆ పేరా మొత్తం తీసేయాలి. చాట్ మూసేసి, సర్వే ఫలితాల టేబుల్ ఒక్కటే ముందు పెట్టుకుని కొత్తగా రాయాలి. టూల్ రాసిన పేరాని ఎదురుగా పెట్టుకుని మాటలు మార్చడం కొత్తగా రాయడం కాదు. ఆ పేరా వరస, ఆలోచన మీ రాతలోనూ అలాగే ఉండిపోతాయి.

తీసేసిన తర్వాత కూడా ఆ సంగతి డిక్లరేషన్‌లో చెప్పాలా? చెప్పాలనే నా అభిప్రాయం. ఒకసారి చదివిన ముగింపు మనసులోంచి చెరిగిపోదు. ఒక్క వాక్యం చాలు. గడువు తన్నుకొస్తోంది, మళ్లీ రాసే టైమ్ లేదు అంటే, ఇచ్చే ముందే లెక్చరర్‌కి విషయం చెప్పి గడువు అడగండి. ఇచ్చేశాక గుర్తొచ్చినా మీరే ముందు చెప్పండి. వాళ్లు కనిపెట్టి పిలిచాక చెప్పడానికీ, మీరు వెళ్లి చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు రాయండి

ప్రతి వాడకానికీ మూడు ప్రశ్నలకి జవాబు ఉండాలి. నేను ఏం ఇచ్చాను? ఏం వచ్చింది? వచ్చినదాన్ని ఏం చేశాను? దీనికి తోడు అది అసైన్‌మెంట్‌లో ఏ భాగమో చెప్పాలి. టూల్ పేరు, వాడిన తేదీలు మొదటి వాక్యంలో వచ్చేయాలి. తేదీలు ఎందుకంటే, టూల్స్ ఒకే పేరుతో ఉంటూనే లోపల మారిపోతుంటాయి. స్క్రీన్ మీద మోడల్ పేరు కనిపిస్తే రాయండి, కనిపించకపోతే టూల్ పేరు, తేదీ చాలు. ఊహించి వెర్షన్ నంబర్ వేయకండి.

క్రియాపదాల దగ్గర జాగ్రత్త పడండి. "సహాయం తీసుకున్నాను", "ఉపయోగించాను", "మెరుగుపరిచాను" అన్నవి ఏమీ చెప్పని మాటలు. అడిగాను, ఎంచుకున్నాను, తీసేశాను, పోల్చాను, తిరిగి రాశాను అన్నవి జరిగిన పనిని చూపిస్తాయి. "సరిచూశాను" అన్న మాట వాడితే దేనితో సరిచూశారో పక్కనే రాయాలి.

దీనికి ఒక కారణం ఉంది. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక విమానయాన సంస్థ మీద నడిచిన కేసులో, లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను తమ పత్రంలో పెట్టారు. అసలు అలాంటి తీర్పులే లేవు. జడ్జి ఆ జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా వేశారు. విద్యార్థులకి పనికొచ్చే వివరం ఇంకొకటి ఉంది. ఆ తీర్పులు నిజమైనవేనా అని లాయర్ ఆ టూల్‌నే అడిగారు, అది నిజమేనంది. టూల్ ఇచ్చినదాన్ని టూల్‌నే అడగడం సరిచూడటం కాదు. మన విద్యార్థిని లైబ్రరీ డేటాబేస్‌లో వెతికింది, దొరికినదాన్ని తెరిచి చదివింది. కాబట్టి ఆమె ఆ మాట ధైర్యంగా రాయగలదు.

ఆమె మొదట రాసిన డిక్లరేషన్ ఇది:

"ఈ నివేదిక పూర్తిగా నా సొంత కృషి. సమయాభావం వల్ల, ఇంగ్లీషు నా మాతృభాష కాకపోవడం వల్ల, ఆలోచనలకీ భాషకీ సుమారు 15 శాతం మేరకు ఆధునిక ఏఐ సాంకేతికత సహాయం తీసుకున్నాను. ఏఐ ఇచ్చిన సమాచారాన్నంతా సరిచూశాను. ఏఐ డిటెక్టర్‌లో 4 శాతం మాత్రమే చూపించింది."

ఇందులో ఒక్క వాక్యం కూడా పేజీ మీద ఏ చోటినీ చూపించదు. పైగా "పూర్తిగా నా సొంత కృషి" అన్న మొదటి మాటని తర్వాతి వాక్యమే కొట్టేస్తోంది. లాగ్ ఫైల్ ముందు పెట్టుకుని మళ్లీ రాసింది:

"ఈ నివేదికకి మార్చి 3 నుంచి 15 వరకు చాట్‌జీపీటీ ఉచిత వెర్షన్ వాడాను. అంశంలో చూడదగ్గ కోణాలు అడిగితే ఎనిమిది ఇచ్చింది, వాటిలో మూడింటిని 1వ భాగంలో తీసుకున్నాను. సర్వే ప్రశ్నలు నేనే రాసుకున్నాను. నాలుగో ప్రశ్న జవాబుని ముందే సూచిస్తోందని టూల్ చూపించాక దాన్ని నేనే మార్చాను. అది చెప్పిన నాలుగు వ్యాసాల్లో రెండు లైబ్రరీ డేటాబేస్‌లో దొరకలేదు. దొరికినవాటిలో ఒకటి పూర్తిగా చదివి 2వ భాగంలో ఉదహరించాను. మిగతా రిఫరెన్సులు నేను వెతికినవి. 2, 4 భాగాల్లో వ్యాకరణం దిద్దించాను. నా డ్రాఫ్ట్‌తో పోల్చి, అర్థం మారిన రెండు వాక్యాల స్థానంలో నావే తిరిగి పెట్టాను. ముగింపు కూడా టూల్‌తో ఒకసారి రాయించాను. అనుమతి పరిధిలో లేదని గుర్తించి దాన్ని తీసేసి, సర్వే టేబుల్ నుంచి మళ్లీ రాశాను. లెక్కలు, 3వ భాగం, 4వ భాగంలోని విశ్లేషణ టూల్‌కి సంబంధం లేకుండా చేసినవి. దిద్దక ముందు డ్రాఫ్ట్, చాట్ ప్రతులు నా దగ్గర ఉన్నాయి, అడిగితే ఇస్తాను."

ఒక పేరా, అంతే. 1500 మాటల నివేదికకి ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. ఇది చదివిన లెక్చరర్‌కి అడగాల్సిన ప్రశ్నలు దాదాపు మిగలవు. ముగింపు గురించిన వాక్యం రాయడానికి భయమేస్తుంది, నాకు తెలుసు. ఆ వాక్యం చదివి ఎవరైనా ప్రశ్న అడిగితే, పాత పేరా, కొత్త పేరా పక్కపక్కన చూపించండి. చూపించగలగడమే మీ బలం.

"టూల్‌కి సంబంధం లేకుండా చేసినవి" అన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. వాడినచోట్లు చెప్పి వాడనిచోట్లు చెప్పకపోతే, చదివేవాళ్లు మిగతాదంతా కూడా అలాగే వచ్చిందేమో అనుకుంటారు. మీరు కష్టపడి చేసిన పనికి పేరు మీకే రావాలి కదా, ఒక్క వాక్యంలో చెప్పేయండి.

వదిలేయాల్సినవి

పాత డిక్లరేషన్‌లోంచి ఏం పోయిందో చూడండి. శాతం పోయింది. "15 శాతం" అన్నది మాటల్లోనా, ఆలోచనల్లోనా, సమయంలోనా? కొలవలేని దానికి అంకె వేస్తే కచ్చితంగా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఊహే.

డిటెక్టర్ స్కోరు పోయింది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన డిటెక్టర్‌ని 2023 జనవరిలో విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జూలైలో ఆపేసింది. మనిషి సొంతంగా రాసినదాన్ని ఏఐ రాసిందని చూపించే పొరపాట్లు ఈ టూల్స్‌లో ఉంటాయి. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్ల రాతలని తప్పుగా పట్టుకునే ధోరణి ఉన్నట్టు 2023లో పరిశోధకులు చూపించారు కూడా. మీకు అనుకూలంగా వచ్చిందని ఆ స్కోరు పెట్టుకుంటే, రేపు ప్రతికూలంగా వచ్చినప్పుడు కాదనడానికి మీకు నోరుండదు.

సంజాయిషీలు పోయాయి. టైమ్ లేకపోవడం, ఇంగ్లీషు రాకపోవడం నిజమే కావచ్చు. కానీ అనుమతి ఉన్న పని చేసినందుకు క్షమాపణ ఎందుకు? సంజాయిషీ చదవగానే ఏదో తప్పు జరిగిందన్న భావన కలుగుతుంది. అలాగే ఏఐ గురించిన పొగడ్తలు, అది ఎలా పనిచేస్తుందన్న వివరణ, దాని లోపాల మీద ఉపన్యాసం కూడా వద్దు.

మొత్తం చాట్ అతికించడం కూడా వద్దు. అడిగితేనే అనుబంధంగా ఇవ్వండి. ఇచ్చే ముందు అందులో సర్వేలో పాల్గొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, మీ సొంత విషయాలు లేకుండా చూసుకోండి. అసలు ఆ పేర్లు టూల్‌కి ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చి ఉంటే అది వేరే సమస్య, దాన్ని డిక్లరేషన్‌లో పెట్టి ఊరుకోకుండా లెక్చరర్‌తో విడిగా మాట్లాడండి.

"పూర్తి బాధ్యత నాదే" అన్న వాక్యం కొన్ని ఫారాల్లో తప్పనిసరి. అడిగితే ఉంచండి. కానీ అది ఉంది కదా అని వివరాలు వదలకండి.

ఎక్కడ పెట్టాలి, ఎలా దాఖలు చేయాలి

షీట్‌లో చెప్పినచోట పెట్టండి. చెప్పకపోతే ముగింపు తర్వాత, రిఫరెన్సులకి ముందు, విడిగా ఒక శీర్షికతో పెట్టండి. టూల్ ఇచ్చిన మాటలని ఉన్నదున్నట్టు అసైన్‌మెంట్‌లో వాడే అనుమతి ఉండి వాడితే మాత్రం చివర డిక్లరేషన్ ఒక్కటే చాలదు. ఆ వాక్యం దగ్గరే కోట్స్ పెట్టి ఉదహరించాలి. ఎలా ఉదహరించాలన్నది మీ కోర్సు అనుసరించే పద్ధతిని బట్టి ఉంటుంది. ఏపీఏ పద్ధతిలో టూల్ తయారుచేసిన కంపెనీని రచయిత స్థానంలో రాస్తారు, ఎంఎల్ఏ పద్ధతిలో ఏఐని రచయితగా చూపించరు. రెండూ కలిపేయకండి.

గ్రూప్ అసైన్‌మెంట్ అయితే ఒకరే కూర్చుని అందరి తరఫునా రాయకూడదు. ఎవరి భాగం గురించి వాళ్లు రెండు వాక్యాలు రాసి ఇవ్వాలి. "మేమెవరం వాడలేదు" అని మిగతావాళ్ల తరఫున సంతకం చేసి, తర్వాత ఇరుక్కుపోయిన గ్రూపులు ఉన్నాయి.

ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. అసైన్‌మెంట్ ప్రింట్ గానీ ఫైల్ గానీ స్నేహితుడికి ఇచ్చి, డిక్లరేషన్ మాత్రమే చదివి ఏఐ ప్రభావం ఉన్న చోట్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టమనండి. మీరు ఏమీ చెప్పకూడదు. తర్వాత మీ లాగ్ ఫైల్‌తో పోల్చండి. అతను గుర్తుపెట్టని చోటు మీ లాగ్‌లో ఉంటే, ఒక వాక్యం లోపించిందన్నమాట. లాగ్‌లో లేని చోట గుర్తు పెట్టాడంటే, ఏదో వాక్యం మరీ వెడల్పుగా ఉంది, దాన్ని కుదించాలి.

ఆ తర్వాత ఫైల్ అప్‌లోడ్ చేయండి. లాగ్, పాత డ్రాఫ్ట్, చాట్ ప్రతులు ఒకే ఫోల్డర్‌లో వేసి, మార్కులు వచ్చి, మార్కుల మీద అభ్యంతరం చెప్పే గడువు కూడా దాటేదాకా తీసేయకండి.